ముగ్గురి కారు, ఏ ఖర్చు ఎవరిది?

ఇంట్లో కారు ఒకటి, వాడేవాళ్లు ముగ్గురు. కొన్నరోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముగ్గురూ కలిసే బయటికి తీస్తారు. మొదటి ఏడాది డబ్బు మాట ఎవరూ ఎత్తరు. రెండో ఏడాది ఇన్సూరెన్సు రెన్యువల్ మెసేజ్ వచ్చాక అసలు సంగతి మొదలవుతుంది. బండిని రోజూ తిప్పే అన్నయ్య "ముగ్గురిదీ కదా, మూడో వంతు పంపండి" అంటాడు. పండక్కి తప్ప స్టీరింగ్ పట్టని తమ్ముడు "ఎవరు ఎంత తిప్పితే అంత పెట్టుకుంటే పోలా, అన్నయ్యా" అంటాడు. చెల్లెలు పైకి ఏమీ అనదు గానీ, పోయినసారి టైర్లకి తానిచ్చిన డబ్బు ఎవరికీ గుర్తులేదన్న సంగతి మనసులో పెట్టుకుంటుంది.

వీళ్లలో ఎవరిదీ దురాశ కాదు. అన్నయ్య చెప్పింది కొన్ని ఖర్చుల విషయంలో సరైన మాట, తమ్ముడు చెప్పింది ఇంకొన్నిటి విషయంలో సరైన మాట. కారు ఖర్చంతా ఒకే రకం అనుకుని ఒకే కొలత పెట్టబోవడంతోనే పేచీ వస్తుంది. ప్రతి బిల్లునూ పట్టుకుని ఒక ప్రశ్న వేయాలి: ఈ ఏడాదంతా కారు కదలకుండా షెడ్డులోనే ఉండిపోతే ఈ ఖర్చు వచ్చేదా? వచ్చేదైతే అది నిలువ ఖర్చు. రాదు, తిరిగినందుకే వచ్చింది అంటే అది తిరుగుడు ఖర్చు. ఈ రెండూ కాక ఒక మనిషి చేతిలో ఉండగా, ఆ మనిషి వల్ల వచ్చినవి మూడో రకం: చలానా, సొట్ట, పగిలిన అద్దం. మూడింటినీ మూడు రకాలుగా పంచాలి.

మాట గాల్లో తేలిపోకుండా ఒక ఇంటిని తీసుకుందాం. లెక్క కోసం కల్పించుకున్న ఇల్లే గానీ, ఇలాంటివి మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. తెనాలిలో అమ్మ, ఆవిడ దగ్గరే అన్నయ్య, వదిన. గుంటూరులో చెల్లెలు. హైదరాబాదులో తమ్ముడు. బండి 1,200 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఐదేళ్లది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అందులో అన్నయ్యవి 6,000, చెల్లెలివి 3,000, సంక్రాంతికీ పెళ్లిళ్లకూ వచ్చినప్పుడు తమ్ముడు తిప్పేవి 1,200. మిగిలిన 1,800 అమ్మ కోసం తిరిగినవి: గుంటూరు ఆసుపత్రికి, అమ్మమ్మగారి ఊరికి, గుడికి.

ఈ అమ్మ కిలోమీటర్లను విడిగా రాసుకోవడం చాలా ముఖ్యం. చాలా ఇళ్లలో అవి నడిపినవాళ్ల ఖాతాలో పడిపోతాయి. అమ్మను నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లే అన్నయ్యకు, ఆ తిరుగుడు కూడా తన వాడకంగానే లెక్కపడిందని తెలిసినప్పుడు కష్టమనిపిస్తుంది. అది న్యాయమైన కష్టమే. అమ్మ పేరున ఒక ఖాతా పెట్టి, ఆ ఖర్చును ముగ్గురూ సమానంగా వేసుకోవాలి. అమ్మ తన పింఛనులోంచి ఇస్తానంటే అది ఆవిడ ఇష్టం.

ముందు ఇన్సూరెన్సు సంగతి చూద్దాం. ఈ బండికి ఏడాది ప్రీమియం సుమారు 12,000 రూపాయలు అనుకుందాం. అందులో థర్డ్ పార్టీ భాగం 3,416. ఇది కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఉన్న సొంత కార్లకు 2022 జూన్ 1 నుంచి ఈ రేటు పెట్టారు. మనం ఏ కంపెనీకి వెళ్లినా ఇది మారదు. రెండో భాగం ఓన్ డ్యామేజి, అంటే మన బండికే దెబ్బ తగిలితే పనికొచ్చేది. దీని అసలు ధర 8,000 అనుకుంటే, ఐదేళ్లుగా క్లెయిమ్ లేనందుకు ఇచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ పోను 4,000. దాని పైన యజమానికి ప్రమాద బీమా, జీరో డిప్రిసియేషన్ లాంటి అదనపు రక్షణలు కలిపి 2,750 దాకా. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

ఈ మూడు భాగాల్లో ఏదీ మామూలు పాలసీలో కిలోమీటర్లను బట్టి పెరగదు, తగ్గదు. బండి వెయ్యి తిరిగినా ఇరవై వేలు తిరిగినా ప్రీమియం అంతే. అందుకే ఇది నిలువ ఖర్చు, దీన్ని కిలోమీటర్ల మీద పంచడం సరికాదు. తిరిగిన దూరాన్ని బట్టి కట్టే యాడ్‌ఆన్‌ను 2022 జులైలో ఐఆర్‌డీఏఐ అనుమతించింది. మీరు అలాంటిది తీసుకుంటే మాత్రం ఓన్ డ్యామేజి భాగాన్ని దూరం ప్రకారం పంచుకోవచ్చు.

మరి నిలువ ఖర్చును సమానంగా పంచాలా? ఇక్కడే నాకు అన్నయ్య మాటతో పేచీ. నిలువ ఖర్చుతో మనం కొనేది, కావలసినప్పుడు బండి సిద్ధంగా ఉండే సౌకర్యాన్ని. ఆ సౌకర్యం ముగ్గురికీ సమానంగా అందడం లేదు. అన్నయ్యకు రాత్రి 11 గంటలకైనా తాళాలు గోడకే వేలాడుతుంటాయి. చెల్లెలు ముందురోజు ఫోన్ చేసి, గుంటూరు నుంచి బస్సులో వచ్చి తీసుకెళ్లాలి. తమ్ముడికి ఏడాదిలో రెండు మూడు వారాలే బండి అందుబాటు. కాబట్టి వాటాలు వేయాల్సింది చేతికి అందే తీరును బట్టి. ఈ ఇంటికి 3:2:1 సరిపోతుందని నా అభిప్రాయం. ఇన్సూరెన్సు 12,000, బ్యాటరీ, వైపర్లు, పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటివాటికి ఏడాదికి 1,500 కలిపి నిలువ ఖర్చు 13,500. ఆరు వాటాలు చేస్తే వాటా 2,250. అన్నయ్యకు 6,750, చెల్లెలికి 4,500, తమ్ముడికి 2,250 పడతాయి.

సమానంగా పంచితే ఒక్కొక్కరికి 4,500. 1,200 కిలోమీటర్లు తిరిగే తమ్ముడికి పెట్రోలు పొయ్యకముందే కిలోమీటరుకు 3 రూపాయల 75 పైసలు అయిపోతుంది. అలా రెండేళ్లు గడిస్తే "నాకెందుకు, వచ్చినప్పుడు అద్దెకు తీసుకుంటాను" అని ఆయన తప్పుకుంటాడు. అప్పుడు ఆయన వాటా కూడా మిగిలిన ఇద్దరి మీదే పడుతుంది.

బ్యాటరీని నిలువ ఖర్చులో వేయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. బ్యాటరీ తిరగడం కంటే వయసు వల్లే పోతుంది, సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు. పైగా వారాల తరబడి కదలని బండికి అది ఇంకా త్వరగా దిగిపోతుంది. ఎక్కువ తిప్పేవాళ్లు దాన్ని బతికిస్తున్నారే తప్ప అరగదీయడం లేదు.

ఇక సర్వీసింగు. బండితో పాటు ఇచ్చే సర్వీసు పుస్తకం తెరిస్తే చాలా కంపెనీల పెట్రోలు కార్లకు ఒకే తరహా వాక్యం ఉంటుంది: 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందొస్తే అది. పంపకానికి తాళంచెవి ఈ వాక్యంలోనే ఉంది. మన ఇంట్లో బండి ఏడాదికి 12,000 తిరుగుతోంది కాబట్టి పదో నెలలోనే 10,000 పూర్తవుతాయి. సర్వీసు దూరం వల్ల వచ్చింది, అందుకని అది తిరుగుడు ఖర్చు. అదే బండి ఏడాదికి 4,000 మాత్రమే తిరిగే ఇంట్లో అయితే 12 నెలలు ముందొస్తాయి. తిరగకపోయినా ఇంజన్ ఆయిలు వయసు మీద పడి మార్చాల్సిందే. అక్కడ సర్వీసు బిల్లు నిలువ ఖర్చు కిందికి వస్తుంది, ఇన్సూరెన్సు వాటాల ప్రకారమే పంచాలి. ఒకే బిల్లు ఒక ఇంట్లో ఒక రకం, పక్కింట్లో ఇంకో రకం కావచ్చు.

మన ఇంటి లెక్క చూద్దాం. సర్వీసు 7,200 అయితే, 10,000 కిలోమీటర్లకు కిలోమీటరుకు 72 పైసలు. నాలుగు టైర్లు 20,000, అవి 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే 50 పైసలు. బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, చిల్లర మరమ్మతులు కలిపి 28 పైసలు. మొత్తం రూపాయిన్నర. ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్ని రూపాయిన్నరలు డబ్బాలో వేయాలి.

చెల్లెలికి టైర్ల డబ్బు విషయంలో కలిగిన బాధకు మందు ఇదే. టైర్లు మార్చే రోజున ముగ్గురినీ అడిగితే, ఆ నెలలో చేతిలో డబ్బున్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు తర్వాత అంటారు. నిజానికి ఆ టైర్లు మూడేళ్లుగా అరుగుతూ వచ్చాయి. అరిగించినప్పుడే అరిగించినంత పక్కన పెడితే మార్చేరోజు ఎవరినీ అడగనక్కర్లేదు. టైర్లకు వయసు కూడా ఉంటుందన్నది మరచిపోకూడదు. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 1821 అని ఉంటే 2021లో 18వ వారం. తక్కువ తిరిగే బండికి గాడి లోతు మిగిలి ఉండగానే రబ్బరు పగుళ్లిస్తుంది. అప్పుడు టైరు కూడా నిలువ ఖర్చే.

క్లచ్ విషయం కొంచెం సున్నితం. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటున్నవాళ్ల చేతిలో అది సగం వయసుకే పోతుంది. కానీ ముగ్గురు నడిపే బండిలో పోయిన క్లచ్‌ను చూపించి "ఇది నీ వల్లే" అని ఎవరూ తేల్చలేరు. మెకానిక్ ఏదో అన్నాడని వాదనకు దిగకండి. దాన్ని కిలోమీటర్ల ప్రకారమే పంచుకోవడం మేలు.

పెట్రోలు దగ్గరికొద్దాం. ఎవరి పెట్రోలు వాళ్లే పోయించుకుంటే సరిపోతుంది అనిపిస్తుంది. చేసేటప్పుడు మాత్రం కుదరదు. చెల్లెలు బండి తీసుకునేటప్పుడు గేజిలో మూడు గీతలు ఉన్నాయి, తిరిగిచ్చేటప్పుడు కూడా మూడే ఉన్నాయి. ఆవిడ లెక్క సరిపోయిందనుకుంటుంది. మర్నాడు పొద్దున అన్నయ్య నాలుగు కిలోమీటర్లు పోగానే రెండు గీతలయ్యాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒక గీత కొత్తగా వెలిగినప్పటికీ, అదే గీత ఆరిపోబోయే ముందరికీ మధ్య నాలుగైదు లీటర్ల తేడా ఉండొచ్చు. పైగా గీతలన్నీ సమానం కావు, పైనున్నవి నిదానంగా, కిందివి గబగబా దిగుతుంటాయి. గీతలను బట్టి లెక్క కడితే సంవత్సరంలో ఏ ఒక్క వారమూ ఇద్దరికీ పొంతన కుదరదు.

దూరప్రయాణాలకు ఉన్న ఒకే మంచి పద్ధతి ఫుల్ టు ఫుల్. బయల్దేరేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది, తిరిగిచ్చేముందు మళ్లీ నిండుగా పోయించి ఇస్తారు. ఆ బిల్లే వాళ్ల ఖర్చు. ఏసీ వేసుకున్నా, వంద దాటించి కొట్టినా, మనిషి ఎలా నడిపితే ఆ ప్రకారం బిల్లు దానంతటదే వస్తుంది. బంకులో గన్ మొదటిసారి టక్కున ఆగిన చోటే ఆపించాలి. "ఇంకొంచెం కొట్టి రౌండ్ చెయ్యి" అంటే లెక్క చెడుతుంది, బండికీ మంచిది కాదు. వీలైతే రెండుసార్లూ ఒకే బంకు.

ఇందులోనూ అటూఇటూగా లీటరు తేడా వస్తుంది. 600 కిలోమీటర్ల ప్రయాణంలో అది లెక్కలోకి రాదు. తెనాలి నుంచి విజయవాడ వెళ్లొస్తే ఖర్చయ్యేది నాలుగు లీటర్ల లోపే, అందులో లీటరు తేడా అంటే పావు వంతు. కాబట్టి 100 కిలోమీటర్లలోపు తిరుగుళ్లకు ఫుల్ టు ఫుల్ వద్దు, రేటు కట్టుకోవాలి. ఒక నెల ఊళ్లో మాత్రమే తిప్పి, ట్యాంకు నింపి చూసుకుంటే ఊరి మైలేజి తెలుస్తుంది. ఈ బండికి ఊళ్లో 16, హైవే మీద 20 వస్తోందనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలైతే ఊళ్లో కిలోమీటరుకు 6 రూపాయల 90 పైసల దాకా, హైవేలో 5 రూపాయల 50 పైసలు. రెండింటినీ కలిపి సగటు కడితే, హైవే మీద తిప్పే తమ్ముడు ఊళ్లో తిప్పే అన్నయ్యకు ప్రతి కిలోమీటరుకూ కొంత పెట్టుకుంటున్నట్టే. అందుకే రెండు రేట్లు రాసుకోవాలి. పెట్రోలు ధర మారినప్పుడు రేటు మార్చుకుంటే చాలు.

టోలు సంగతి ఒక్క మాటలో పోతుంది. ఫాస్టాగ్ ఒక ఫోన్ నంబరుకే ముడిపడి ఉంటుంది, మెసేజ్‌లు ఆ నంబరుకే వస్తాయి. ఏ తేదీన బండి ఎవరి దగ్గరుందో రాసి ఉంటే ఆ టోలు వాళ్లదే.

ఇదంతా నడవాలంటే కిలోమీటర్లు ఎవరో ఒకరు రాయాలి. చాలా ఇళ్లలో ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే బయల్దేరేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి, రెండు అంకెలు రాయమంటారు. రెండు అక్కర్లేదు. దిగేటప్పుడు ఓడోమీటర్ ఫోటో ఒకటి తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'గుంటూరు, నాది' అనో 'ఆసుపత్రి, అమ్మ' అనో రాస్తే చాలు. ఒకరు దిగిన అంకెే తర్వాతివాళ్లు ఎక్కిన అంకె. ట్రిప్ మీటరును నమ్ముకోకండి, ఎవరో ఒకరు దాన్ని సున్నా చేస్తారు. ఓడోమీటర్‌ను ఎవరూ సున్నా చేయలేరు. నెలాఖరున చూస్తే ఎవరి పేరూ లేని కిలోమీటర్లు కొన్ని తేలతాయి: మెకానిక్ ట్రయల్ వేసినవి, గాలి కొట్టించడానికి వెళ్లినవి. నెలకు 20, 30 దాకా అయితే అమ్మ ఖాతాలో వేసి మూయండి. వందలకు పోతుంటే ఎవరో ఫోటో పెట్టడం మానేశారని అర్థం, ఆ నెలలోనే అడగాలి.

మూడో రకం ఖర్చులోకి వెళ్దాం. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరపడేది క్లెయిమ్ దగ్గర. తమ్ముడు సంక్రాంతికి వచ్చి, సందులో రివర్సు చేస్తూ వెనక డోరును కరెంటు స్తంభానికి ఒరిపాడు. రిపేరుకి 7,000 అంటున్నారు. "ఇన్సూరెన్సు ఉందిగా, క్లెయిమ్ చేసేద్దాం, ఎవరికీ ఖర్చుండదు" అంటారు అందరూ. ఖర్చు ఎవరికీ కనబడదు గానీ ఉంటుంది. క్లెయిమ్ చేయగానే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చే రెన్యువల్‌కు సున్నా అవుతుంది. ఆ పైన క్లెయిమ్ లేని ఒక్కో ఏడాదికీ 20, 25, 35, 45, చివరికి మళ్లీ 50కి చేరుతుంది. ఓన్ డ్యామేజి అసలు ధర 8,000 అనుకున్నాం కదా. మొదటి ఏడు 4,000 నష్టం, తర్వాత వరుసగా 2,400, 2,000, 1,200, 400. ఐదేళ్లలో 10,000, జీఎస్టీతో 11,800. బండి వయసుతో దాని బీమా విలువ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం కొంత తక్కువే ఉండొచ్చు. అయినా 7,000 రిపేరు కోసం, అందులో మనమే కట్టాల్సిన తప్పనిసరి 1,000 పోను వచ్చే 6,000 కోసం అంత పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఆ సొట్ట డబ్బు తమ్ముడే ఇవ్వాలి. మరీ పెద్ద దెబ్బై క్లెయిమ్ తప్పకపోతే, తప్పనిసరి మినహాయింపూ, కంపెనీ ఇవ్వని భాగమూ, తర్వాతి రెన్యువల్‌లో పోయిన బోనసూ అప్పుడు నడిపినవాళ్లవి. ఐదేళ్లూ వెంటపడటం అన్నదమ్ముల మధ్య బాగుండదు. మొదటి రెండేళ్ల నష్టం ఒకేసారి తీసుకుని మిగతాది వదిలేయడం మర్యాద. ఎప్పుడు పడిందో, ఎవరు గీశారో తెలియని గీత అందరిదీ. నిలబెట్టిన చోట ఎవరో గుద్ది వెళ్లిపోతే అదీ అందరిదే.

టైరు పేలితే ఏం చేయాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. 40,000 రావాల్సిన 5,000 రూపాయల టైరు 24,000 దగ్గర గోతిలో పడి పక్కగోడ చీలిపోయిందనుకోండి. ఆ టైరు అప్పటికే ఐదింట మూడు వంతులు అరిగింది. ఆ 3,000 డబ్బాలోంచి వస్తుంది, అందుకోసమే కూడబెట్టారు. మిగిలిన 2,000 ఆ రోజు నడిపినవాళ్లది. పంక్చరు మాత్రం ఎవరి చేతిలో పడితే వాళ్లే వేయించుకోవాలి.

డబ్బు కంటే పెద్ద విషయం ఒకటుంది. బండి ముగ్గురిదీ అని ఇంట్లో అనుకుంటాం గానీ, చట్టం చూసేది ఆర్సీలో ఉన్న ఒక్క పేరునే. చలానాలు ఆ పేరుకే వస్తాయి, ప్రమాదం కేసులో నోటీసూ ఆ పేరుకే వస్తుంది. పాలసీలో యజమానికి తప్పనిసరిగా ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఆ ఒక్కరికే. మన ఇంట్లో ఆర్సీ చెల్లెలి పేరున ఉండి, రోజూ నడిపేది అన్నయ్య అయితే, ఆయనకు ఏదైనా జరిగితే ఆ 15 లక్షలు రావు. బండిని అరువు తీసుకుని నడిపే మనిషి యజమాని స్థానంలోకే వస్తాడని, నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అంటే ఆ బండి పాలసీ కింద ఆయన థర్డ్ పార్టీ కాడు. అందుకని యజమాని కాని ఇద్దరూ సొంతంగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి, లేదా కారు పాలసీలో ఉన్నవాళ్లందరికీ వర్తించే అదనపు రక్షణ చేర్చించాలి. ఖర్చు కొద్దిదే, దాన్ని నిలువ ఖర్చులో కలపండి.

అలాగే ముగ్గురి లైసెన్సుల గడువు తేదీలూ రెన్యువల్ రోజున చూసుకోవాలి. గడువు తీరిన లైసెన్సుతో నడిపితే బండి దెబ్బకు కంపెనీ డబ్బివ్వదు. ఎదుటివాళ్లకు పరిహారం కంపెనీ కట్టినా, దాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. తప్పు ఒకరిది, అప్పు ఇంకొకరి నెత్తిన. నాన్నగారి పేరున ఉన్న బండిని ఆయన పోయాక కూడా అలాగే తిప్పే ఇళ్లు ఎన్నో. పాలసీ ఆయన మరణం తర్వాత మూడు నెలలు, లేదా గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకే నిలబడుతుంది. ఆలోగా ఆర్సీ, పాలసీ రెండూ వారసుల్లో ఒకరి పేరుకి మార్పించుకోవాలి. ఈ పని వాయిదా వేసి ప్రమాదంలో పడితే ఏ వాటాల లెక్కా ఆదుకోదు.

ఏడాది మొత్తం కూడితే ఇలా వస్తుంది. పెట్రోలు కాకుండా నిలువ ఖర్చు 13,500, తిరుగుడు ఖర్చు 18,000, కలిపి 31,500. అన్నయ్యకు నిలువ వాటా 6,750, తన కిలోమీటర్లకు 9,000, అమ్మ ఖాతాలో మూడో వంతు 900, మొత్తం 16,650. చెల్లెలికి 9,900. తమ్ముడికి 4,950. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 10,500 పడేది, తమ్ముడు రెట్టింపుకు పైగా ఇచ్చేవాడు. వట్టి కిలోమీటర్ల మీదే పంచితే అన్నయ్య మీద 18,500 దాటిపోయేది, ఆయన కష్టపడటం న్యాయమే అయ్యేది.

నెలకైతే అన్నయ్య 1,400, చెల్లెలు 825, తమ్ముడు 415. ఈ డబ్బు ఒకరి జీతం ఖాతాలో కలిసిపోకూడదు. దీనికోసమే ఒక విడి ఖాతా ఉంచి, నెల మొదటి వారంలో ముగ్గురూ ఫోన్‌లోంచి వేసేస్తే చాలు. కిలోమీటర్ల తేడాలు ఏడాది చివర ఒకసారి సరిచూసుకోవచ్చు. అమ్మ కోసం తిరిగిన పెట్రోలు కూడా ఈ ఖాతాలోంచే, ముగ్గురూ సమానంగా. ఖాతా చూసేది రోజూ బండి వాడే మనిషి కాకపోతే మంచిది. మన ఇంట్లో అయితే చెల్లెలికి అప్పగిస్తాను.

అన్నయ్య చేసే చాకిరీని కూడా మరవకూడదు. సర్వీసుకు తీసుకెళ్లి సగం రోజు కూర్చునేది, వానాకాలం ఎలుకలు వైర్లు కొరక్కుండా చూసేది ఆయనే. దానికి రూపాయల లెక్క కట్టమని నేను చెప్పను, కడితే ఆయనే నొచ్చుకుంటాడు. బండి కడిగించే ఖర్చు ఉమ్మడి ఖాతాలోంచి ఇవ్వండి. సర్వీసుకు బండి వెళ్లివచ్చే కిలోమీటర్లు ఆయన పేరున రాయకండి.

ఈ వాటాలు శాశ్వతం కావు. చెల్లెలి ఇంటికి సొంత బండి వస్తుంది, తమ్ముడు బదిలీ మీద విజయవాడ వస్తాడు, అన్నయ్యకు ఆఫీసు బస్సు వస్తుంది. మార్పు ఎప్పుడు జరిగినా వాటాలు మాత్రం పాలసీ రెన్యువల్ తేదీ నుంచే మార్చండి, మధ్యలో వద్దు. ఎవరైనా తప్పుకోవాలన్నా అదే తేదీకి తప్పుకోవాలి. మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే పాలసీ తీసి గడువు తేదీ చూడండి. దానికి నెల ముందు ఒక ఆదివారం ముగ్గురూ కూర్చుని, వాటాలు, కిలోమీటరు రేటు, దెబ్బ తగిలితే ఎవరిదన్న మాట ఒక కాగితం మీద రాసి, ఆర్సీ కాపీతో పాటు డ్యాష్‌బోర్డులో పెట్టండి.